వారానికి రెండు పూటలు అడగండి, "ఫ్లెక్సిబుల్ అవర్స్" అడగొద్దు

"అమ్మకి 68 ఏళ్లు. వచ్చే నెల నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. బెంగళూరులో ఉన్నది నేనొక్కడినే. ఆఫీసు టైమింగ్స్ మార్చమని మేనేజర్‌కి మెయిల్ పెట్టాలి. ఎలా రాస్తే ఒప్పుకుంటారు?"

మెయిల్ సంగతి తర్వాత, ముందు డయాలసిస్ సెంటర్‌కి వెళ్లి స్లాట్ ఖాయం చేసుకోండి. చాలా సెంటర్లలో సోమ-బుధ-శుక్ర ఒక బ్యాచ్, మంగళ-గురు-శని ఇంకో బ్యాచ్ ఉంటాయి. రెండోది దొరికితే శనివారం మీకు సెలవే కాబట్టి ఆఫీసుకి తగిలేది రెండు రోజులే. మా నాన్నకి మొదట సోమ-బుధ-శుక్ర ఇచ్చారు. రెండు వారాలు రోజూ అడిగి, ఎవరో ఊరికి వెళ్లిపోతే ఆ మంచం ఖాళీ అయినప్పుడు మార్పించుకున్నాను. మేనేజర్‌ని బతిమాలడం కంటే ఆ సెంటర్ ఇన్‌చార్జ్ సిస్టర్‌ని బతిమాలడమే ఎక్కువ పనిచేసింది. పొద్దున మొదటి షిఫ్టే అడగండి. రెండో షిఫ్ట్ అయితే ముందువాళ్ల ఆలస్యమంతా మన నెత్తిన పడుతుంది.

నా మొదటి మెయిల్ దండగైంది. నాన్న పరిస్థితి గురించి మూడు పేరాలు రాసి, చివర్లో "కొంత ఫ్లెక్సిబిలిటీ ఇస్తే బాగుంటుంది, సెంటర్ నుంచి కూడా లాప్‌టాప్‌లో పనిచేస్తాను" అన్నాను. మేనేజర్ మంచివాడే, వెంటనే "తప్పకుండా" అన్నాడు. ఏ రోజు, ఏ టైమ్ అన్నది నేను రాయలేదు, ఆయన అడగలేదు. ఆ గురువారమే పొద్దున 9.30కి క్లయింట్ కాల్ పెట్టాడు. నేను నాన్న మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటే మిషన్ అలారం మోగింది. నాన్న చెయ్యి మడిచాడు, రక్తం వెళ్లే ట్యూబ్ నొక్కుకుపోయింది, అంతే. కాల్‌లో అవతలివాళ్లు ఏమైందని అడుగుతున్నారు, ఇక్కడ సిస్టర్ "సార్, ఫోన్ బయట" అంటోంది.

డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటలు బయటివాళ్లకి ఖాళీగా కనిపిస్తాయి. మీ మేనేజర్ కూడా అడుగుతాడు, "దింపేసి వచ్చేసి, మళ్లీ వెళ్లి తెచ్చుకోవచ్చుగా" అని. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. 6.45కి వెళ్తే బరువు చూస్తారు. నాన్న ఒకరోజు 58.4 కిలోలు ఉన్నాడు, అదనపు నీరంతా పోయాక ఉండాల్సిన బరువు, అదే డ్రై వెయిట్, 56, అంటే ఆ రోజు తియ్యాల్సిన నీరు 2.4 లీటర్లు. బీపీ చూసి, సూదులు పెట్టి, మిషన్ మొదలయ్యేసరికి 7.10. నాలుగు గంటలు. 11.10కి సూదులు తీశాక ఆ చోట దూది పెట్టి పది నిమిషాలైనా నొక్కి పట్టాలి, రక్తం ఆగిందో లేదో చూడాలి, మళ్లీ బరువు, మళ్లీ బీపీ. నీరు ఎక్కువ తీసిన రోజు మూడో గంటలో బీపీ పడిపోతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఆ స్థితిలో పెద్దాయన్ని ఆటోలో ఒంటరిగా పంపలేం. మారతహళ్లిలో ఇంటికి చేరి అన్నం పెట్టేసరికి 12.15. బెళ్లందూరులో ఆఫీసుకి చేరేసరికి 1. మధ్యలో రింగ్ రోడ్డు మీద ఇంకో రౌండు కొడితే అటు పనీ కాదు, ఇటు నాన్నా కాదు.

రెండో మెయిల్‌లో అందుకే ఆ నాలుగు గంటల్లో కూడా పనిచేస్తానని చెప్పడం మానేశాను. ఇంగ్లీషులోనే రాశాను, ఇక్కడ తెలుగులో పెడుతున్నా:

> సబ్జెక్ట్: మంగళ, గురువారాల్లో పని వేళల మార్పు: 8 వారాల ట్రయల్
>
> మా నాన్నగారికి మంగళ, గురు, శనివారాల్లో ఉదయం 6.45 నుంచి 11.40 వరకు డయాలసిస్. తోడు నేనే ఉండాలి. 3వ తేదీ నుంచి 8 వారాలపాటు ఈ వేళలు కోరుతున్నాను:
>
> సోమ, బుధ, శుక్ర: 9 నుంచి 6.30, అరగంట లంచ్. రోజుకి 9 గంటలు.
> మంగళ, గురు: మధ్యాహ్నం 1 నుంచి 7.30. రోజుకి ఆరున్నర గంటలు.
> మొత్తం వారానికి 40 గంటలు, ఇప్పుడున్నట్టే.
>
> మంగళ, గురువారాల్లో 10.30 స్టాండప్ మీటింగ్‌కి ఉండను. నా అప్‌డేట్ ముందురోజు సాయంత్రం 6 లోపు బోర్డులో పెడతాను. ఆ రెండు పూటలు బిల్డ్ ఫెయిలైతే చూడటానికి టీమ్‌లో ఒకరు ఒప్పుకున్నారు, బదులుగా శుక్రవారం సాయంత్రం వారి రిలీజ్ చెక్ నేను చేస్తాను. లండన్ టీమ్ కాల్స్ 1 తర్వాతే కాబట్టి వాటిలో మార్పు లేదు.
>
> ఆ రెండు రోజులు మధ్యాహ్నం 1 లోపు కాల్స్ తీసుకోలేను. చికిత్స ఆలస్యమైతే 11.30 లోపు మెసేజ్ పెడతాను, ఆ గంట అదే వారంలో పూడ్చుతాను. 8 వారాల తర్వాత కలిసి చూసుకుని కొనసాగించాలో మార్చాలో నిర్ణయిద్దాం.

సోమ, బుధ, శుక్రవారాల్లో నేను మొదట పది గంటలు వేసుకున్నాను. హెచ్ఆర్‌లో పనిచేసే ఫ్రెండ్ కొట్టించేసింది. కర్ణాటక షాప్స్ అండ్ కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1961 ప్రకారం ఓవర్‌టైమ్ కాకుండా రోజుకి 9 గంటలు, వారానికి 48 దాటకూడదు. పది అని రాస్తే హెచ్ఆర్ ఫైలు అక్కడే ఆపేస్తుందంది. నిజంగానే వాళ్లు ముందు చూసింది ఆ లైనే. ఇంకో మాట, తల్లిదండ్రుల సంరక్షణకి 2007 చట్టం ఉందిగా అని మెయిల్‌లో రాయమని చెప్పేవాళ్లుంటారు. రాయకండి. అది పిల్లల మీద బాధ్యత పెడుతుంది గానీ కంపెనీ మీద కాదు.

రెండు పూటలు చూసే మనిషిని మెయిల్‌కి ముందే ఒప్పించుకోండి, మీరేం తిరిగి ఇస్తారో కూడా తేల్చుకోండి. నా మెయిల్‌లో మేనేజర్ ప్రశ్న వెయ్యకుండా వదిలేసింది ఆ పేరా ఒక్కటే. మెడికల్ రిపోర్టులు జతచెయ్యలేదు, సెంటర్ వాళ్లు రోజులు, టైమ్ రాసిచ్చిన కాగితం చాలింది. ట్రయల్ అన్న మాట వల్ల ఆయన పైవాళ్లని అడగకుండా తనే ఓకే చెయ్యగలిగాడు.

మూడో వారం మంగళవారం నాన్న బీపీ పడిపోయి 12.30 దాకా మంచం దిగలేదు. 11.20కి మెసేజ్ పెట్టాను, 2కి వెళ్లాను, బుధవారం ఎలాగూ 9 గంటలు నిండిపోతాయి కాబట్టి ఆ గంట ఆ గురువారం 8.30 దాకా కూర్చుని పూడ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇబ్బంది పండగ వారంలో వచ్చింది. సెంటర్ వాళ్లు గురువారం సెషన్ బుధవారానికి జరిపారు, నేను ముందురోజు రాత్రి చెప్పాల్సి వచ్చింది, మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు. అది నా మెయిల్‌లో లేదు మరి. "సెంటర్ రోజు మారిస్తే తెలిసిన వెంటనే చెప్పి, ఆ వారానికి వేళలు అటుదిటు మార్చుకుంటాను" అని మీరు ఒక వాక్యం కలుపుకోండి. సెలవుల లిస్టు కూడా సిస్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.