పెట్టెల ఆర్డరు గురించి మేనల్లుడికి

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

పూతరేకుల పెట్టెల కోసం రాజమండ్రి ప్రెస్సాయనతో నెలనెలా బేరమాడుతున్నావని అమ్మ చెప్పింది. ఆ గొడవ లేకుండా ఏడాదికి ఒకే బ్లాంకెట్ ఆర్డరు పెట్టెయ్యి, అంటే ఒప్పందం ఒక్కసారే, సరుకు మాత్రం విడతలుగా తెప్పించుకుంటావు. 60,000 పెట్టెలు దాకా తీసుకుంటానని, అందులో 48,000 మాత్రం కచ్చితంగా ఎత్తుతానని రాయి. పూర్తి అంకెకు మాటిచ్చేస్తే వ్యాపారం తగ్గిన ఏడాది ఇరుక్కుంటావు.

ధరను ఏడాదంతా బిగించమని మాత్రం పట్టుబట్టకు. అట్ట రేటు పెరిగితే ఆయన నష్టానికి ఇవ్వడు, అట్టనే పల్చన చేస్తాడు. ఆరు నెలల వరకే ధర బిగించు. తర్వాత అట్ట రేటు 5 శాతానికి మించి కదిలితేనే, పెరిగినా తగ్గినా, మళ్లీ మాట్లాడుకోవాలని రాయి. ఇద్దరూ సంతకం పెట్టిన నమూనా పెట్టెలు పది నీ దగ్గర పొడిచోట దాచుకో. లోడు వచ్చినప్పుడల్లా అందులోంచి పది తీసి వాటితో తూచి చూడు. పల్చబడితే త్రాసే చెప్పేస్తుంది.

ఇక సరుకు రప్పించేది రిలీజు కాగితంతో. దానికో నంబరు, ఎన్ని పెట్టెలు, ఏ తేదీకి అని ఉండాలి. కింద లెక్క కూడా వెయ్యి: ఇంతవరకు తీసుకున్నవి 22,000, ఇప్పుడు 6,000, మిగిలినవి 32,000. ఆ ఒక్క లైనుతో సగం తగువులు పోతాయి.

మార్పులకు గడువులు పెట్టుకో. డెలివరీకి నెలకు పైగా ఉంటే ఎంతైనా మార్చుకోవచ్చు. 15 నుంచి 30 రోజుల మధ్య అయితే 20 శాతం అటూ ఇటూ. 15 రోజుల లోపు మార్పు లేదు. సంక్రాంతికి జనవరి 2న 12,000 కావాలని రిలీజు ఇచ్చావనుకో. డిసెంబరు 10న 15,000 చెయ్యమని అడిగితే 14,400 వరకు అదే ధరకు ఇవ్వాల్సిందే, మిగతా 600 ఆయన వీలునుబట్టి. డిసెంబరు 20న అడిగితే ఆయన ఇష్టం. అడిగేది నువ్వొక్కడివే, అదీ రాతలో. రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. ఫోన్లో మీ నాన్న "ఇంకో రెండు వేలు వెయ్యండి" అంటే అది చెల్లదని ముందే చెప్పెయ్యి!

అందరూ వదిలేసేది ఒకటుంది. నీ మాట నమ్మి ఆయన ముందే కొట్టి ఉంచిన పెట్టెల భారం ఎవరిది? ఒక నెలకు సరిపడా అచ్చైన పెట్టెలు, రెండు నెలలకు సరిపడా ఖాళీ అట్ట వరకు నాది, అంతకుమించి ఉంటే మీదే అని రాసుకో. రేపు డిజైను మార్చినా, లైసెన్సు నంబరు మారినా నువ్వు కట్టాల్సింది అంతే. ధర, తేదీ అచ్చులో వెయ్యకుండా స్టిక్కరు పెడితే ఆ మేరకు రిస్కు తగ్గుతుంది. పైగా వానాకాలం మన తేమకు మడత పెట్టెల జిగురు ఊడిపోతుంది, కాబట్టి ఆగస్టులో ఎక్కువ నిల్వ పెట్టనివ్వకు.

కాగితం రాశాక సంతకానికి ముందు నాకు పంపు. ముందుగా ఆ నిల్వ పేరానే చూస్తాను.

మావయ్య