పాత కారం మిషన్‌ను రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా?

"మా మిల్లులో పన్నెండేళ్ల పాత పల్వరైజర్ ఉంది. రిపేరు చేయిస్తే ఇంకో మూడేళ్లు నడుస్తుందని మెకానిక్ అంటున్నాడు. కొత్తది కొంటే కరెంటు బాగా మిగులుతుందని కంపెనీ వాళ్లు అంటున్నారు. ఏది చేయమంటారు?"

గుంటూరులో మాకు కారం మిల్లు ఉంది, నాన్న పెట్టినది. సరిగ్గా ఈ ప్రశ్నతోనే నేను రెండేళ్లు తలబద్దలు కొట్టుకున్నాను. మీ మెకానిక్‌నీ నమ్మొద్దు, కంపెనీ మనిషినీ నమ్మొద్దు, ముందు మీ మిషన్ క్వింటాకు ఎన్ని యూనిట్లు కాలుస్తుందో కొలవండి. మోటారుకు విడిగా ఒక చిన్న మీటరు పెట్టించి, వారం రోజులు రీడింగూ పట్టిన కాయ తూకమూ రాసుకుంటే చాలు. ఈ ఒక్క అంకె లేకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది గాల్లో మాటే.

మా దగ్గర జరిగింది చెప్తాను. ఒక నవంబరులో సేల్స్ కుర్రాడు వచ్చి మా మిషన్‌కు మీటరు పెట్టి చూపించాడు. క్వింటాకు 11 యూనిట్లు. అతని మిషన్ 8.8 యూనిట్లతో పడుతుందన్నాడు. మేము ఏడాదికి 3,000 క్వింటాళ్ల దాకా పడతాం, యూనిట్ మాకు అన్నీ కలిపి 8 రూపాయలు పడేది, అంటే ఏడాదికి 52,800 మిగులు అని కాగితం మీద లెక్క వేసి పెట్టాడు. నాన్న ఒప్పుకోలేదు. "కిందటేడాదే మోటారుకు వైండింగ్ చేయించాం కదరా, 22 వేలు పోశాం, ఇప్పుడు తీసేస్తే ఆ డబ్బు ఏమైనట్టు?" అన్నారు. నాన్న మీద నాకు ఎంత గౌరవమున్నా ఈ మాట మాత్రం తప్పు. ఆ 22 వేలు మిషన్ ఉంచినా రావు, తీసేసినా రావు. లెక్కలోకి రావాల్సింది ఈ రోజు అమ్మితే పాత మిషన్‌కు ఎంత వస్తుందన్నదే. అప్పట్లో మాకు 80 వేలు ఇస్తామన్నారు.

నాకు అనుమానం వచ్చింది ఇంకోచోట. మా మిషన్‌లో హ్యామర్ల అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి, జాలీ రంధ్రాలు సాగాయి, బెల్టులు జారుతున్నాయి. హ్యామర్ అంచు పోతే కాయను కొట్టడం మానేసి రుద్దుతుంది. పొడి బయటకు పోక లోపలే తిరుగుతుంది, మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, గంటకు దిగే పొడి తగ్గుతుంది. చేత్తో పట్టుకుంటే కారం వేడిగా ఉంటుంది, రంగు మాడుతుంది. ఇవన్నీ మాకు ఉన్నాయి. అంటే ఆ కుర్రాడు తన కొత్త మిషన్‌ను మా జబ్బు మిషన్‌తో పోల్చాడు.

14 వేలు పెట్టి హ్యామర్ల సెట్టు, జాలీ, బెల్టులు మార్పించి, పుల్లీలు వరసలో పెట్టించాను. మళ్లీ వారం కొలిస్తే 9.6 యూనిట్లు వచ్చింది! తర్వాత సత్తెనపల్లిలో అదే కొత్త మోడల్ ఉన్న మిల్లుకు వెళ్లి, వాళ్లను బతిమాలి ఒక రోజంతా రీడింగులు రాసుకున్నాను. అది మాత్రం నిజంగానే 8.8. తేడా క్వింటాకు 0.8 యూనిటే, అంటే ఏడాదికి 19,200. కంపెనీ వాళ్లు ఊరూరా తిరిగి సర్వీసు లేని మిషన్ల మీద ఈ లెక్కలు వేసి అప్పులు చేయిస్తున్నారు, నాకు మండేది అక్కడే.

అప్పుడు కూర్చుని వేసిన లెక్క ఇది. కొత్త మిషన్ బిగింపుతో సహా 4.5 లక్షలు. పదేళ్లు నడిచి చివర్లో 50 వేలు పలుకుతుందనుకుంటే, 11 శాతం వడ్డీతో ఏడాదికి సుమారు 73,400 పడుతుంది. మామూలు రిపేర్లు 12 వేలు కలిపితే 85,400. పాతదాన్ని ఇంకో ఏడాది ఉంచితే దాని అమ్మకం ధర 80 నుంచి 60 వేలకు పడుతుంది, అది 20 వేల నష్టం. ఆ 80 వేలు చేతికి రాకుండా మిషన్‌లో ఇరుక్కున్నందుకు వడ్డీ 8,800. రిపేర్లు, ఆ సర్వీసుతో కలిపి 30 వేలు. కొత్తదానికన్నా ఎక్కువ కాలే కరెంటు 19,200. మొత్తం 78 వేలు. అందుకే ఆ ఏడాది కొనలేదు. సర్వీసు చేయించకుండా ఇదే లెక్క వేసి ఉంటే పాతది 97,600 దగ్గర తేలేది, మేము పరుగున వెళ్లి లోను తీసుకునేవాళ్లం.

మళ్లీ మార్చిలో పడింది అసలు దెబ్బ. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులవి, పొద్దున పదకొండింటికి షెడ్డు బయట దాకా స్టీలు డబ్బాల వరస, నీడలో ఆడవాళ్లు. ఉన్నట్టుండి మిషన్ కీచుమని అరిచి, కాలిన గ్రీజు వాసన కొట్టింది. బేరింగు పోయింది. ఆరు నెలల్లో అది మూడోసారి. మొదటి రెండుసార్లు మా మెకానిక్ బేరింగు మార్చి వెళ్లిపోయాడు. ఈసారి విప్పించి చూస్తే బేరింగు కూర్చునే గూడే అరిగిపోయింది, బయటి రింగు దానిలో వదులుగా తిరుగుతోంది. కొత్త బేరింగు వేసినా అది నెలన్నరకు మించి నిలవదు. ఒకే చోట బేరింగు మళ్లీ మళ్లీ పోతుంటే తప్పు బేరింగుది కాదు, ఈ సంగతి మాకు ముందే చెప్పేవాళ్లు ఉంటే ఎంత బాగుండేదో. హౌసింగ్‌ను ఆటోనగర్ లేత్ షాపుకు పంపి స్లీవు వేయించి తెచ్చేసరికి నాలుగు రోజులు. రోజుకు 9 వేలు మిగిలే సీజన్‌లో 36 వేలు పోయాయి, ఆ డబ్బాలు పక్క వీధి మిల్లుకు వెళ్లిపోయాయి. ఆ నాలుగు రాత్రులు టెన్షన్‌తో నిద్ర లేదు.

జూన్‌లో సీజన్ తగ్గాక అదే లెక్క మళ్లీ వేశాను. పాతదానికి 60 వేలు వస్తాయి, వచ్చే ఏడాదికి 50. ఆ తరుగు, వడ్డీ కలిపి 16,600. షాఫ్టు మార్చడం, మోటారు మళ్లీ వైండింగు, తక్కినవి 48 వేలు. ఎంత సర్వీసు చేసినా మిషన్ ఈసారి 10 యూనిట్ల కన్నా దిగలేదు కాబట్టి అదనపు కరెంటు 28,800. మొత్తం 93,400. ఆగిపోయే రోజుల నష్టం కలపకుండానే 85,400 దాటింది. ఆ నెలలోనే కొన్నాం. నాన్న ఈసారి ఏమీ అనలేదు.

మీ విషయానికి వస్తే, మీరు ఏడాదికి ఎన్ని క్వింటాళ్లు పడతారో రాయలేదు. మీది వెయ్యి క్వింటాళ్ల మిల్లయితే క్వింటాకు 1.2 యూనిట్లు మిగిలినా వచ్చేది 9,600 రూపాయలే, దానికోసం నాలుగున్నర లక్షలు పెట్టకండి. "మూడేళ్లు నడుస్తుంది" అన్న మాటను కూడా ఒక్కో ఏడాదిగా విడదీసి చూడండి. మొదటి ఏడాది చౌకగా ఉండి మూడో ఏడాది మునగొచ్చు, మీరు మూడేళ్లకూ ఇప్పుడే మాట ఇవ్వనక్కర్లేదు. మిషన్ అరగంట నడిపాక బేరింగు హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి ఆనకపోతే లోపల గూడు చూపించమని మెకానిక్‌ను అడగండి. ఇదంతా డిసెంబరులోపు చేయండి. ఫిబ్రవరికి యార్డులో కొత్త కాయ జోరందుకుంటే లేత్ షాపులో మీ వంతు రావడమే కష్టం.