రక్తం ఎక్కిస్తుంటే వచ్చిన జ్వరం మామూలుదా, గ్రూపు తేడా వల్లా?

"నాన్నగారికి రక్తం ఎక్కిస్తుంటే చలి, జ్వరం వచ్చాయి. నర్సు బ్యాగు ఆపేసి మళ్ళీ శాంపిల్ తీసుకుంది. ఏ టెస్టు వల్ల కారణం తేలుతుంది?"

ఆపడమే సరైన పని. జ్వరమే కదా అని పారాసెటమాల్ ఇచ్చి అదే బ్యాగు నడిపించేసే చోట్లున్నాయి, అదే ప్రమాదం.

ఒంటి మీద దద్దుర్లు, దురద మాత్రమే ఉండి, జ్వరం గానీ ఆయాసం గానీ లేకపోతే అది ఎలర్జీ. దాత ప్లాస్మాలోని ప్రొటీన్లు పడకపోవడం వల్ల వస్తుంది. దీనికి పెద్ద టెస్టులు అక్కర్లేదు. యాంటీహిస్టమిన్ ఇచ్చాక దద్దుర్లు తగ్గితే, డాక్టరు చూసి అదే బ్యాగును నెమ్మదిగా కొనసాగించవచ్చు. అలా మళ్ళీ మొదలుపెట్టే వీలు ఈ ఒక్కదానికే ఉంది.

చిక్కంతా జ్వరంతోనే. బ్యాగులోని తెల్లకణాల వల్ల వచ్చే మామూలు జ్వరానికి నిర్ధారించే టెస్టంటూ లేదు. మిగతావన్నీ కాదని తేలాకే ఆ పేరు పెడతారు. గ్రూపు తేడా వల్ల ఎర్రకణాలు పగిలిపోయే రియాక్షన్ కూడా చలి, జ్వరంతోనే మొదలవుతుంది. నడుం నొప్పి, ఎర్రటి మూత్రం, బీపీ పడిపోవడం తర్వాత రావచ్చు.

'ఓ' గ్రూపు రోగికి 'ఏ' గ్రూపు రక్తం 20 మి.లీ. వెళ్ళిందనుకోండి. సెట్ మార్చి సెలైన్ పెడతారు, బ్యాగు మీది పేరు, నంబరు రోగి చేతి పట్టీతో పోల్చి చూస్తారు. బ్యాగు, సెట్, కొత్త శాంపిల్, మూత్రం బ్లడ్ బ్యాంకుకు వెళ్తాయి. అక్కడ రక్తం ఎక్కించక ముందు తీసిన శాంపిల్‌నూ కొత్తదాన్నీ యంత్రంలో వేగంగా తిప్పి పక్కపక్కన పెడితే, పాతదాంట్లో ప్లాస్మా లేత పసుపుగా, కొత్తదాంట్లో గులాబీ రంగులో కనిపిస్తుంది, అంటే కణాలు పగిలాయన్నమాట. తర్వాత డైరెక్ట్ కూంబ్స్ టెస్టు: యాంటీబాడీ అంటుకున్న కణాలుంటే పాజిటివ్ వస్తుంది. వెళ్ళిన కణాలన్నీ అప్పటికే పగిలిపోయి ఉంటే నెగటివ్ కూడా రావచ్చు, కాబట్టి అదొక్కటే చూసి ధైర్యపడకూడదు. కణాలు పగిలితే రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది, హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్ తగ్గుతుంది, అవి కూడా చూడాలి.

రెండు శాంపిళ్ళకూ గ్రూపు మళ్ళీ చేస్తారు. పాతది 'ఏ', కొత్తది 'ఓ' అని వస్తే, మొదట్లోనే వేరే రోగి రక్తం ఈ పేరు మీద వెళ్ళిందన్నమాట. అప్పుడు ఆ రెండో రోగికి సిద్ధమైన బ్యాగును కూడా వెంటనే ఆపాలి. ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఇంకో మోసం ఉంది: సన్న సూదితో బలంగా లాగిన శాంపిల్‌లో కణాలు సిరంజిలోనే పగిలి, ప్లాస్మా ఎర్రగా కనిపిస్తుంది. అనుమానం వస్తే మళ్ళీ జాగ్రత్తగా తీయించాలి. మూత్రాన్ని తిప్పినా పైనీరు ఎర్రగానే ఉండి, అడుగున ఎర్రకణాలు లేకపోతే అది హీమోగ్లోబిన్. కణాలు అడుక్కి దిగి పైన తేటపడితే మూత్రమార్గంలో రక్తస్రావం.

జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ దాటితే బ్యాగునూ రోగి రక్తాన్నీ కల్చర్‌కు పంపారా అని అడగండి. బ్యాక్టీరియా చేరిన బ్యాగు కూడా ఇలాగే మొదలవుతుంది, దాన్ని కూంబ్స్ పట్టుకోలేదు.