కొలీగ్ పెళ్లి గిఫ్టూ, 13 అంకెల నంబరూ

ప్రశ్న: సార్, జాబ్ కోసం టోక్యో వచ్చి రెండు నెలలైంది. కొలీగ్ పెళ్లికి ఒక జపనీస్ సైట్‌లో కప్పుల సెట్ చూశా, నేరుగా వాళ్లింటికే పంపించాలి. నాకు ఇంకా క్రెడిట్ కార్డు రాలేదు. చెకౌట్‌లో కన్వీనియన్స్ స్టోర్ పేమెంట్, టైమ్ స్లాట్లు, గిఫ్ట్ పేపర్ అని ఏవేవో అడుగుతోంది, ట్రాన్స్‌లేట్ కొట్టినా అర్థం కావట్లేదు. ఏం సెలెక్ట్ చేయాలి?

జవాబు: జపాన్ వెళ్లిన మనవాళ్ల దగ్గర్నుంచి ఈ కంప్లయింట్ వస్తూనే ఉంది. తప్పు మీది కాదు, సగం బటన్లు బొమ్మలుగా పెడతారు, బ్రౌజర్ వాటిని ట్రాన్స్‌లేట్ చేయలేదు, చేసినవేమో ఇంకా ప్రమాదం. అదెలాగో చివర్లో చెప్తా.

కార్డు లేదు కాబట్టి コンビニ払い, అంటే కన్వీనియన్స్ స్టోర్ పేమెంట్, సెలెక్ట్ చేసుకోండి. ఏ షాపులో కడతారో కూడా అక్కడే అడుగుతుంది, ఇంటి దగ్గర ఏదుంటే అది పెట్టండి, ఎందుకంటే ఒక్కో షాపుకి ఒక్కో పద్ధతి. సెవెన్ ఇలెవెన్ అయితే మెయిల్‌లో 払込票番号 అని 13 అంకెల నంబరు వస్తుంది, కౌంటర్లో అది చూపించి డబ్బులిచ్చేస్తే అయిపోయింది. లాసన్ అయితే ముందు Loppi అనే మెషీన్‌లో నంబరు కొట్టాలి, చీటీ వస్తుంది, దాన్ని 30 నిమిషాల్లోపు కౌంటర్‌కి తీసుకెళ్లాలి. చీటీ జేబులో పెట్టుకుని ఐస్‌క్రీమ్ తింటూ కూర్చుంటే మళ్లీ మొదటికే. రసీదు మాత్రం పారేయకండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ: ఇది చాలా షాపుల్లో ముందే కట్టే పద్ధతి, డబ్బు అందాకే పార్సిల్ బయల్దేరుతుంది. సోమవారం ఆర్డర్ పెట్టి శనివారం డెలివరీ కావాలని పెట్టి, గడువు ఉంది కదా అని గురువారం రాత్రి కడితే ఆ శనివారం గోవిందా. お支払い期限 అన్నది కట్టడానికి ఆఖరి తేదీ, అది దాటితే ఆర్డర్ దానంతటదే క్యాన్సిల్ అవుతుంది. కాబట్టి ఆర్డర్ పెట్టిన రోజే కట్టేయండి.

టైమ్ స్లాట్ దగ్గర 午前中 అంటే పొద్దున్న, తర్వాతవి రెండేసి గంటల చొప్పున, 19時〜21時 వరకు. యమాతో అనే కొరియర్ కంపెనీ స్లాట్లలో 12 నుంచి 2 ఉండదు, డ్రైవర్లు భోంచేయాలని 2017లో తీసేశారు. మీరు పెట్టేది మీకు వీలైన టైమ్ కాదు, కొలీగ్ ఇంట్లో ఉండే టైమ్, అడిగి పెట్టండి.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది చెప్తా. ఆ పేమెంట్ నంబరు మీ పేరుకి కట్టి ఉండదు. ఎవడో ఒకడు తనకోసం ఏదో ఆర్డర్ పెట్టుకుని, వచ్చిన నంబరు మీకు మెసేజ్ చేసి "మీ బాకీ ఇది, ఇవాళే కట్టండి" అంటాడు, మీరు కడతారు, వాడి ఇంటికి సామాను వెళ్తుంది. కౌంటర్లో అమ్మాయికి అది ఎవరి ఆర్డరో తెలీదు, రసీదు మీద కూడా షాపు పేరు బదులు వసూలు చేసే కంపెనీ పేరుండొచ్చు. అందుకే నంబరు మెసేజ్‌లో కాకుండా మీరు లాగిన్ అయి చూసే ఆర్డర్ పేజీలో ఉందో లేదో, అమౌంట్ యెన్‌తో సహా కలుస్తోందో లేదో చూసి కట్టండి. ఇంకో సంగతి, చెకౌట్‌లో కన్వీనియన్స్ స్టోర్ అని చూపించి, తర్వాత మెయిల్‌లో "అది ఇప్పుడు పనిచేయట్లేదు, ఈ బ్యాంకు అకౌంట్‌కి పంపండి" అంటే, ఆ అకౌంట్ ఎవరో ఒక మనిషి పేరు మీదుంటే, అది దొంగ షాపే. కట్టేశాక "స్టాక్ లేదు, క్యూఆర్ యాప్‌లో రిఫండ్ ఇస్తాం, ఈ కోడ్ కొట్టండి" అని 99980 లాంటి నంబరు ఇస్తే అది కోడ్ కాదండీ బాబూ, మీరే వాడికి పంపుతున్న అమౌంట్!

ఇక గిఫ్ట్ పేపర్. మామూలు ర్యాపింగ్ వేరు, のし అనేది పైన ముడి బొమ్మ ఉండే పేపర్ వేరు. పెళ్లికి 結び切り, అంటే విప్పలేని ముడి. 蝶結び మళ్లీ మళ్లీ విప్పి కట్టుకునే ముడి, పిల్లలు పుట్టినప్పుడు ఓకే, పెళ్లికి మాత్రం వద్దు, అర్థం మీకే తెలుస్తుంది. పైన రాసే మాట 御結婚御祝 పెట్టండి. పక్కనే 内祝 ఉంటుంది, ట్రాన్స్‌లేషన్లో "కుటుంబ శుభాకాంక్షలు" లాంటిదేదో కనిపిస్తే అదే బాగుందని నొక్కేస్తారు, కానీ అది గిఫ్టు అందుకున్నవాళ్లు తిరిగిచ్చేటప్పుడు రాసేది. 御霊前 అయితే చావుకి. వీటన్నిటినీ ఒకే డ్రాప్‌డౌన్‌లో పక్కపక్కనే పెట్టే డిజైనర్‌ని ఏమనాలి? పోస్టులో పోతుంది కాబట్టి పేపర్ చిరక్కుండా 内のし, అంటే ర్యాపింగ్ లోపల ఉండేది తీసుకోండి. ధర ఉన్న 納品書, అంటే పార్సిల్‌తో వచ్చే సామాను చీటీ, పెట్టొద్దనే టిక్కు ఉంటే అది కొట్టడం మర్చిపోకండి.