పండుగ వెళ్లిన నాలుగో రోజు ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. జమ్మి చెట్టు దగ్గరి సన్నివేశం బాగుంది. అయితే దసరా వెళ్లిన నాలుగో రోజున నీ కథానాయకుడు కరీంనగర్‌లోని మేనత్తకు రాసిన ఉత్తరం దగ్గర నా మనసు చివుక్కుమంది. "ఆఫీసులో పని ఒత్తిడి వల్ల, మధ్యలో ఫోను పాడవడం వల్ల సకాలంలో శుభాకాంక్షలు తెలియజేయడం కుదరలేదు, అన్యథా భావించవద్దు" అని రాయించావు. ఇందులో తప్పు చేసిన మనిషి ఎక్కడా కనిపించడు.

"కుదరలేదు", "వీలుపడలేదు", "ఆలస్యమైంది" అన్న మాటల్లో పని దానంతట అదే ఆగిపోయినట్టు ఉంటుంది. "నేను రాయలేదు", "ఆలస్యం చేశాను" అన్నప్పుడు ఆ క్రియ వెనుక నేనున్నానని తెలుస్తుంది. క్షమాపణ సాకులా వినిపించడానికి కారణాల సంఖ్య కంటే "కుదరలేదు" లాంటి క్రియే ఎక్కువ కారణమని నా గట్టి నమ్మకం. పూర్వం ఒక పండుగ సంచిక సంపాదకుడు నా కథలో "రాయలేదు" అన్నదాన్ని కొట్టేసి "అనివార్య కారణాల వల్ల రాయలేకపోయాను" అని అచ్చు వేశాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నేనూ ఒకసారి మా గురువుగారికి దసరా వెళ్లిన ఆరు రోజులకు, పేజీ నిండా కారణాలతో ఉత్తరం రాశాను. చిన్న జలుబును అందులో పెద్ద జ్వరం చేశాను. ఆయన కార్డులో "జ్వరం తగ్గిందా? మందులు వాడుతున్నావా?" అని మాత్రమే ఉంది. ఆయన పండుగ గురించి నేను ఒక్క మాటా అడగలేదు కనుక, ఆయన చెప్పుకోవడానికి నేను చోటే మిగల్చలేదు.

అందుకని ఆ పేరాను ఇలా మార్చి చూడు: "అత్తమ్మా, పండుగనాడు నీకు ఫోను చేయలేదు, తప్పు నాదే. ఏటా నీ చేతిలో జమ్మి పెట్టి కాళ్లకు మొక్కేవాణ్ణి, ఈసారి నీకు బంగారం ఎవరు పెట్టారు? నా వంతు ఆకులు రెండు దేవుడి గూట్లో దాచి ఉంచు, దీపావళికి వచ్చి తీసుకుంటాను." తప్పు ఒక్క వాక్యంలో ముగిసింది, ఆ తరువాత ఉత్తరమంతా ఆమెదే. "దసరా, దీపావళి శుభాకాంక్షలు" అని రెండు పండుగలనూ కలిపి ఆలస్యాన్ని కప్పే పద్ధతి మాత్రం వద్దు, ఆమె వెంటనే గుర్తుపడుతుంది.

ఇంట్లో మైల వచ్చి రాయకపోతే అది సాకు కాదు, ఆమెకు తెలియవలసిన వార్త. దాన్ని మొదటి వాక్యంలోనే చెప్పాలి, అప్పుడు శుభాకాంక్షల ఊసే ఉండకూడదు.

కథలో అత్తమ్మ జవాబు లేదు. పేరా మార్చాక, ఆమె ఏం రాస్తుందో రాసి పంపు.