చిన్న కంపెనీ షేరు కొనే ముందు వాల్యూమ్ ఎలా చూడాలి?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు అమ్మిన డబ్బు 2 లక్షలను, ఒక్కోటి 50 రూపాయలున్న చిన్న కంపెనీ షేరులో పెడదామనుకుంటున్నాను. సగటు వాల్యూమ్ రోజుకి 11,700 చూపిస్తోంది. సరిపోతుందా అండీ?

సరిపోదండి. ముందు ఆ సగటును విడదీసి చూడండి. 19 రోజులు 6,000 చొప్పున, ఒక్కరోజు మాత్రం 1,20,000 షేర్లు చేతులు మారినా 20 రోజుల సగటు 11,700 అనే వస్తుంది. కాబట్టి రోజువారీ అంకెలు వరసలో పెట్టి మధ్యది తీసుకోండి. ఇక్కడ అది 6,000. మీకు కావలసినవి 4,000, అంటే మామూలు రోజు వ్యాపారంలో మూడింట రెండు వంతులు. ఆ 6,000లో పదో వంతు, 600 దాటొద్దని నా సలహా.

ఆ 600 అయినా మార్కెట్ డెప్త్, అంటే ఏ ధరకి ఎన్ని షేర్లకు ఆర్డర్లున్నాయో చూశాకే. కొనేటప్పుడు అందరూ అమ్మేవాళ్ల ధరే చూస్తారు, మీరు మాత్రం ఎడమవైపు కొనేవాళ్లను లెక్కపెట్టండి. 49.50కి 200, 49కి 300, 48.20కి 150 షేర్లు కొనేవాళ్లు ఉన్నారనుకుందాం. అమ్మేవాళ్ల ధర 50.80 అనుకుంటే, దానికి కొన్న 600 షేర్లకు 30,480 అవుతుంది. వెంటనే అమ్మితే చేతికొచ్చేది 29,420. చార్జీలు కాకుండానే మూడున్నర శాతం పోయింది. ఎంతకైనా సరే అని మార్కెట్ ఆర్డరు వేస్తే ఇంకా కిందికి జారొచ్చు, మీ ధర చెప్పి లిమిట్ ఆర్డరే వేయండి.

పాత చార్టులో లోయర్ సర్క్యూట్ పడిన రోజులూ, అంటే ధర ఆ రోజుకున్న కింది హద్దును తాకిన రోజులూ వెతకండి. ఆ రోజు వాల్యూమ్ వందల్లోనే ఉంటే, అమ్ముదామన్నా కొనేవాడు లేడన్నమాట. ధర ఇంతకి పడితే అమ్మేయమని ముందే స్టాప్‌లాస్ పెట్టినా అక్కడ పనిచేయదు.