తల్లిదండ్రులకు రాసే ఆ అర పేజీ గురించి

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఒకటో తరగతి బాబు గురించి వాళ్ల అమ్మానాన్నలకు పంపాలని రాసుకున్న ఉత్తరం చదివాను. అందులో నాలుగే వాక్యాలు ఉన్నాయి. "మీ అబ్బాయి ఆటల సమయంలో తోటి పిల్లలను ఎప్పుడూ కొడుతున్నాడు. అతని ప్రవర్తన చాలా దూకుడుగా ఉంది. మిగిలిన తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. ఇంట్లో క్రమశిక్షణ నేర్పగలరు." నువ్వు కోపంతో రాయలేదని, రోజూ ఎవరో ఒకరు ఏడుస్తూ నీ దగ్గరకు వస్తుంటే దిక్కుతోచక రాశావని నాకు తెలుసు. అయినా ఈ ఉత్తరాన్ని ఇలాగే పంపవద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పి, దీని స్థానంలో ఏం రాయవచ్చో కూడా చెబుతాను.

ఈ కాగితం ఆ ఇంటికి చేరిన సాయంత్రం ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించు. బడి నుంచి ఫిర్యాదు వచ్చిందనగానే మన వైపు చాలా ఇళ్లలో మొదట లేచేది చెయ్యే. ఆరేళ్ల పిల్లవాడికి మధ్యాహ్నం జారుడుబల్ల దగ్గర జరిగినదానికీ, రాత్రి నాన్న కొట్టినదానికీ ఉన్న సంబంధం సరిగా అందదు. పెద్దవాళ్లకు కోపం వస్తే కొట్టవచ్చు అన్నది మాత్రం స్పష్టంగా అందుతుంది. బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ నిషేధించింది. మనం చేయకూడని పనిని మన ఉత్తరం ఇంట్లో చేయించకూడదు కదా. అందువల్ల ఇలాంటి ఉత్తరం రాసేటప్పుడు నేను మొదట చూసుకునేది ఒక్కటే: ఇది చదివిన మనిషి పిల్లవాడిని దగ్గరకు తీసుకుంటాడా, చెంప పగలగొడతాడా అని.

ఇక నీ వాక్యాల దగ్గరకు వద్దాం. "ఎప్పుడూ" అన్న మాట తల్లిదండ్రులను వెంటనే వాదనకు దింపుతుంది. నిన్న కొట్టలేదు కదా అని వాళ్లు అడిగితే నీ దగ్గర జవాబు ఉండదు. "దూకుడు" అనేది నువ్వు చూసిన సంగతి కాదు, చూసినదాని మీద నువ్వు ఇచ్చిన తీర్పు. మిగిలిన తల్లిదండ్రుల ఫిర్యాదుల ప్రస్తావన వస్తే ఆ ఇంటివాళ్లు పిల్లవాడిని వదిలేసి, ఫిర్యాదు చేసింది ఎవరా అని ఆరా తీయడం మొదలుపెడతారు. చివరి వాక్యమైతే నీ పనిని కూడా వాళ్ల నెత్తిన పెట్టింది. కొట్టడం బడి ఆవరణలో జరుగుతున్నప్పుడు ఇంట్లో కూర్చున్న తల్లి దాన్ని ఎలా ఆపగలదు?

కాబట్టి రాయడానికి ముందు ఒక వారం చూడు. చిన్న నోటు పుస్తకం కొంగు చాటునో, సంచిలోనో పెట్టుకుని, కొట్టిన ప్రతిసారీ ఎన్ని గంటలకు, ఎక్కడ జరిగింది, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, ఆ తరువాత ఏం జరిగింది అన్నవి రెండు మూడు ముక్కల్లో రాసుకో. వీటిలో అందరూ వదిలేసేది "ముందు ఏం జరిగింది" అన్నదే, మనకు ఎక్కువగా పనికివచ్చేదీ అదే. ఏడుపు వినిపించి నువ్వు తల తిప్పేసరికి కొట్టడం అయిపోయి ఉంటుంది. అందుకే ఆట గంటలో నోటు పుస్తకాలు దిద్దే పని పెట్టుకోకుండా, అతనికి నాలుగడుగుల దూరంలో నిలబడాలి. చివరిదైన "ఆ తరువాత ఏం జరిగింది" అన్నది కూడా ముఖ్యమే. కొట్టగానే ఎదుటి పిల్లవాడు తప్పుకుని, ఇతనికి ముందుగా జారే అవకాశం దొరుకుతోందంటే, ఆ దెబ్బ అతనికి పని చేసిపెడుతోందన్నమాట. అలా అవసరం తీరుతున్నంతకాలం అది ఒట్టి మందలింపులతో ఆగదు.

నువ్వు ఫోనులో చెప్పిన సంగతులను బట్టి నాకు తోచినది రాస్తున్నాను. వారం తరువాత నీ పుస్తకంలోని లెక్కతో దీన్ని సరిచూసుకో. ఆరు రోజుల్లో ఏడుసార్లు కొట్టాడనుకుందాం. అయిదుసార్లు మధ్యాహ్నం భోజనాల తరువాత, జారుడుబల్ల మెట్ల దగ్గర లైనులో జరిగింది. ఆ అయిదింటిలో మూడుసార్లు వెనకనుంచి ఎవరో తోశారు. మిగిలిన రెండింటిలో, ఒకసారి అతను పేర్చిన చెక్కబిళ్లల గోడను ఇంకొకరు కూలదోశారు. ఒకసారి అంటుకునే ఆటలో, పరుగెత్తుతూ ముట్టుకోవలసిన చోట గట్టిగా చరిచాడు. ఈ చివరిది నా దృష్టిలో కొట్టడం కిందికి రాదు. ఆరేళ్లవాళ్లకు పరుగులో చేతి బలం తెలియదు, మెల్లగా ముట్టుకోవడం వాళ్లకు ఆడించి చూపించాలి. ఈ లెక్క చూశాక "దూకుడు పిల్లవాడు" అన్న మాట నీకే నచ్చదు. నీ ఎదుట ఉన్నది, లైనులో నిలబడడం కష్టమైన, తోసినప్పుడు ఏమనాలో తెలియని ఒక పిల్లవాడు. అది నేర్పగల విషయం. అప్పుడు ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"నమస్కారం. బాబుకు కథలంటే చాలా ఇష్టం. ముందు వరుసలో కూర్చుని, చివరిదాకా విని, మరునాడు నాకే తిరిగి చెబుతాడు. ఒక విషయంలో మాత్రం అతనికి బడిలో నేను, ఇంట్లో మీరు కలిసి సహాయం చేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. గత వారం ఆట సమయంలో ఆరుసార్లు తోటి పిల్లలను చేత్తో కొట్టాడు. ఎవరికీ గాయం కాలేదు. వాటిలో అయిదు జారుడుబల్ల దగ్గర లైనులో నిలబడినప్పుడు జరిగాయి. కొన్నిసార్లు వెనకవాళ్లు అతన్ని తోశారు కూడా. తన వంతు కోసం ఆగడం, కోపం వచ్చినప్పుడు నోటితో చెప్పడం అతను ఇంకా నేర్చుకుంటున్నాడు. ఈ సోమవారం నుంచి ఆట సమయంలో నేను ఆ లైను పక్కనే ఉంటున్నాను. ఎవరైనా తోస్తే చెయ్యి అడ్డం పెట్టి 'ఆగు, ఇది నా ఛాన్స్' అనడం, అప్పటికీ వినకపోతే నన్ను పిలవడం అలవాటు చేస్తున్నాను. ఇంట్లో ఆడుకునేటప్పుడు మీరూ అవే మాటలు అనిపిస్తే త్వరగా వస్తాయి. ఈ విషయమై అతన్ని కొట్టవద్దని, తిట్టవద్దని నా మనవి. ఇంట్లోగానీ, వీధిలోగానీ ఇలాంటిది మీరు గమనించారా? నిద్రలోనో, ఆరోగ్యంలోనో, ఇంటి పరిస్థితుల్లోనో ఈ మధ్య ఏదైనా మార్పు ఉంటే నాకు చెప్పగలరా? మీకు వీలైతే గురువారం సాయంత్రం బడి వదిలాక, లేదా శనివారం ఉదయం బడికి ముందు ఒక పావుగంట మాట్లాడుకుందాం."

ఇందులో కొన్నింటిని ఎందుకు అలా పెట్టానో వివరించాలి. మొదటి మంచిమాట నిజమై, ఆ పిల్లవాడికి మాత్రమే చెందినదై ఉండాలి. "చురుకైన పిల్లవాడు" అని రాస్తే, ఎవరి ఇంటికైనా పంపగల ఆ మాటను తల్లి నమ్మదు, తరువాత వచ్చే చెడ్డవార్తకు ముందు పూసిన తేనె అనుకుంటుంది. దెబ్బ తిన్న పిల్లల పేర్లు ఎక్కడా రాయలేదు, రాయకూడదు కూడా. వెనకవాళ్లు తోసిన సంగతి రాయడంవల్ల నువ్వు పక్షపాతం లేకుండా చూశావని వాళ్లకు తెలుస్తుంది. నువ్వు చేస్తున్న పని ముందు, వాళ్లను అడిగేది తరువాత రావాలి. ఇంట్లో నేర్పమని అడిగేది కూడా ఒక్కటే ఉండాలి. నాలుగు సలహాలు రాస్తే నాలుగూ వదిలేస్తారు. అష్టాచెమ్మా ఆడుతూ, గవ్వలు వేసేముందు "ఇప్పుడు నా ఛాన్స్" అనిపించడం ఏ ఇంట్లోనైనా సాగే పనే. ఆ మాట నువ్వు ముఖాముఖి కలిసినప్పుడు చెప్పు.

రోగాల పేర్లు మాత్రం ఉత్తరంలో రానివ్వకు. టీవీలోనో, ఫోనులోనో విన్న పేరు ఒకటి తగిలించడం ఈ మధ్య మన వాళ్లకు అలవాటైంది. అది వైద్యులు చెప్పవలసిన మాట. అయితే వెనకనుంచి పిలిచినప్పుడు అతను పలకకపోతేనో, మాటకు బదులు చేత్తో తట్టి పిలవడమే ఎక్కువగా కనిపిస్తేనో, చెవులు ఒకసారి పరీక్ష చేయించమని ఎదురుగా కూర్చున్నప్పుడు నెమ్మదిగా చెప్పవచ్చు. సరిగా వినబడని పిల్లలు ఆటలో చేతినే ఎక్కువగా వాడడం ఉంటుంది.

ఉత్తరాన్ని డైరీలో అంటించవద్దు. ఆటోలో వెళ్లే పెద్ద పిల్లలు డైరీలు తెరిచి గట్టిగా చదువుతారు, ఇల్లు చేరేలోపే వీధంతా ఆ సంగతి పాకుతుంది. కవరులో పెట్టి, దింపడానికో, తీసుకువెళ్లడానికో వచ్చే తల్లి చేతికి ఇవ్వు. మీది ఇంగ్లీషు మీడియం బడి అయినా తెలుగులోనే రాయి. ఆ ఇంట్లో డైరీ చూసేది నాయనమ్మ అని నువ్వే చెప్పావు. తండ్రి మిర్చి యార్డులో పనిచేస్తారన్నావు కాబట్టి, సీజన్‌లో ఆయనకు సాయంత్రం కుదరకపోవచ్చు. రెండు వేళలు ఇచ్చింది అందుకే. ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలిన రోజున మాత్రం ఉత్తరం కోసం చూడకుండా ఇద్దరి ఇళ్లకూ అదే రోజు ఫోను చెయ్యాలి.

బాబు తండ్రి వచ్చి, "మా వాడిని మీరే రెండు తగిలించండి మేడం, మేమేమీ అనుకోం" అనవచ్చు. అది నీ మీద నమ్మకంతో అనే మాట, దానికి నొచ్చుకోకు. "కొడితే నేనున్నప్పుడు ఆగుతాడండీ, నేను లేనప్పుడు ఆగడు, లైనులో నిలబడడం వచ్చిందంటే ఎవరు లేకపోయినా ఆగుతాడు" అని చెప్పి నోటు పుస్తకం చూపించు, అందులో ఇతర పిల్లల పేర్లు లేకుండా ముందే చూసుకో. "అవతలివాళ్లు ఏం చేశారో అడిగారా?" అని కోపంగా వచ్చినా ఆ పుస్తకమే నీకు అండ.

రెండు వారాలు గడిచాక మూడు వాక్యాల రెండో ఉత్తరం తప్పక పంపు. ఆరు మూడుకు తగ్గితే ఆ అంకెలే రాసి, లైనులో "నా ఛాన్స్" అని అతను తనంతట తాను అన్న రోజు ఏదో రాయి. తగ్గకపోతే అదీ దాచకుండా రాయి; కానీ ముందు పుస్తకం తిరగేసి, జారుడుబల్ల దగ్గర ఆగి చెక్కబిళ్లల దగ్గర పెరిగిందేమో చూసుకో. చోటు మారితే నువ్వు నిలబడే చోటూ, నేర్పే మాటా మారాలి.

వారం లెక్క పూర్తయ్యాక నీ కొత్త ఉత్తరం నాకు పంపు. ఆదివారం ఉదయం ఇంట్లోనే ఉంటాను, ఫోను చేసినా సరే.

ఆశీస్సులతో,
మీ పాత టీచరు